కోడ్ రూమ్ గడియ

నిన్న పొద్దున కోడ్ రూమ్ తలుపు పగలగొట్టేసరికి ఆఫీసర్ బల్ల మీద చచ్చి పడున్నాడు. గడియ లోపల్నుంచి వేసుంది.

"మెడ వెనక సూదిపోటు, విషం," అన్నాడు చీఫ్. "సూది లేదు. కోడ్ షీట్‌లో సగం మాయం. మిగతా సగంతో ఇవాళ ఆ కుర్చీలో కూర్చునేది..."

"మా బావ." ఏజెంట్ లేచి నిలబడ్డాడు.

"వడ్రంగి వేషంలో వెళ్ళు. 'టేకు చెక్క' అని నువ్వు అరిస్తే సెక్యూరిటీ గేట్లన్నీ మూసేస్తుంది."

ఉలి సంచీతో వెళ్ళి, విరిగిన తలుపుకి కొత్త గడియ బిగిస్తూ అంతా పరీక్షించాడు. పాత గడియ స్క్రూలు చెక్కపేళ్ళతో సహా ఊడొచ్చాయి. అంటే గడియ నిజంగానే వేసుంది. బయట్నుంచి దారంతో లాగారా? తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, ఎక్కడా గీత లేదు. బందుల మీద రంగు చెదరలేదు. కిటికీ ఊచలు గట్టిగా ఉన్నాయి. తలుపు వెనక, బీరువాలో మనిషి దాక్కునే చోటు లేదు.

"తేలిందా బావమరిదీ?" బావ ఫ్లాస్క్‌లోంచి కాఫీ వొంపుకుంటూ నవ్వాడు. "కోడ్ షీట్ బయటికి తీస్తే గడియ వెయ్యాలి, రూల్. ఇక బయల్దేరు."

మెట్లు దిగుతుంటే అమ్మ ఫోను.

"బావని గడియ పెట్టుకోవద్దని చెప్పరా. లోపల కళ్ళు తిరిగి పడిపోతే? తలుపు పగలగొట్టి ముందు దూరేవాళ్ళు ఎలాంటివాళ్ళో! మనిషి ప్రాణం వాళ్ళ చేతుల్లోనేగా!"

ఏజెంట్ అడుగు ఆగిపోయింది. గడియ వేసినప్పుడు ఆఫీసర్ బతికే ఉన్నాడు. తలుపు పగిలినప్పుడు కూడా, స్పృహ లేదంతే!

గార్డుని పట్టుకున్నాడు. "నిన్న ముందు లోపలికెళ్ళింది ఎవరు?"

"మన ఆఫీసు డాక్టరమ్మే. మమ్మల్ని గుమ్మం దాటనివ్వలేదు. నాడి చూసి పోయాడంది."

"లోపల ఫ్లాస్క్‌లో కాఫీ?"

"నిన్నా ఇవాళా డాక్టరమ్మే పంపింది, పంచదార లేకుండా. మంచిది పాపం."

పైన తలుపు దబదబా బాదుతున్నారు. బావ పలకడం లేదు. ఏజెంట్ మూడేసి మెట్లెక్కాడు. ఫెళ్ళున తలుపు విరిగింది. ఆఫీసంతా కళ్ళప్పగించి చూసే డాక్టరమ్మ, ఎర్ర చీర, ఖరీదైన సెంటు, అందరికంటే ముందు దూరింది.

"ఎవరూ రావద్దు! నాడి చూడాలి!"

లిప్‌స్టిక్ మూత తీసింది. అందులో రంగు లేదు, సూది ఉంది. బావ మెడకి వెంట్రుకవాసి దూరంలో ఆమె మణికట్టు ఏజెంట్ పిడికిట్లో చిక్కింది.

"టేకు చెక్క!"

కింద గేట్లు ధన్‌మని మూసుకున్నాయి. సూది నేల మీద టంగుమంది. పర్సు విదిలిస్తే నిన్న మాయమైన సగం కోడ్ షీట్ జారిపడింది.

"నువ్వు వడ్రంగివి కాదా?" అంది పళ్ళు కొరుకుతూ.

"మీరు డాక్టరా మరి?"

బల్ల మీద బావ గుర్రు పెట్టాడు. ఆ గుర్రు అంత తియ్యగా అతనికెప్పుడూ వినపడలేదు.

సాయంత్రం స్నానానికి వెళ్తే బాత్రూమ్ బయట్నుంచి అమ్మ గొంతు. "గడియ పెట్టావట్రా?"

"లేదమ్మా," అంటూ, శత్రువుల గూఢచారిని పట్టుకున్న ఏజెంట్ చప్పుడు కాకుండా గడియ తీశాడు.