కుప్పం బస్సెక్కిన తెడ్డు

"అవ్వా, ఆకలి!"

శనివారం. ఒంటిపూట బడి. నవనీత పుస్తకాల సంచిని అరుగు మీదకు విసిరేసి ఒక్క గెంతులో ఇంట్లోకి వచ్చింది.

రోజూ అయితే అవ్వ మజ్జిగ గ్లాసుతో గడపలోనే నిలబడి ఉంటుంది. "ముందు కాళ్లు కడుక్కోమే, దుమ్ము పిల్లా!" అంటుంది. ఇవాళ గడపలో ఎవరూ లేరు.

వంటింట్లో పళ్లెం మీద పళ్లెం బోర్లించి ఉంది. నవనీత తీసి చూసింది. అన్నం, పప్పు, పక్కన ఒక బొరుగుల ఉండ. రాగి సంగటి లేదు!

"హమ్మయ్య" అనుకుంది. అంతలో ఆమె చూపు గోడ మీద పడింది.

మేకు ఖాళీగా ఉంది. తెడ్డు లేదు.

అది సంగటి గెలికే తెడ్డు. తాత బతికి ఉన్నప్పుడు తన చేత్తో చెక్కి ఇచ్చింది. అవ్వ గంగులమ్మ మూడేళ్ల కిందట కుప్పం దగ్గరి ఊరి నుంచి మదనపల్లెకు వచ్చినప్పుడు దాన్ని వెంట తెచ్చుకుంది. మధ్యలో ఎన్నోసార్లు ఊరికి పోయి వచ్చింది కానీ, తెడ్డును మాత్రం ఎప్పుడూ తీసుకుపోలేదు. "అది ఈడుంటే నేను ఈడున్నట్టేమే" అనేది.

నవనీత పరుగు తీసింది. ఇంటి ముందు భాగంలోనే నాన్న జయచంద్ర విత్తనాల అంగడి. ఆయన కృష్ణప్ప అనే రైతుకు వేరుశనగ విత్తనాలు తూకం వేస్తున్నాడు.

"నాన్నా, అవ్వ యాడ?"

"ఊరికి పోయింది. చేను చూసొస్తాననింది. నువ్వొచ్చేదాకా ఉండమంటే కుప్పం బస్సు తప్పిపోతాదనింది. ఇప్పుడే పోయిందిలే."

"తెడ్డు తీసుకుపోయింది నాన్నా!"

నాన్న చేతిలోని విత్తనాలు తక్కెట్లో పడకుండా ఆగిపోయాయి. "తెడ్డా? నిన్న మీ అమ్మా అవ్వా ఏమన్నా అనుకున్నారా?"

వాళ్లిద్దరూ ఏమీ అనుకోలేదు. అసలు మాట్లాడుకుంటే కదా! వాళ్ల మాటలన్నీ నవనీతే మోసింది.

అమ్మ కౌసల్య పుంగనూరు మండలాఫీసులో టైపిస్టు. పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు చేరుతుంది. నవనీతను నిద్ర లేపేది, జడలు వేసేది, బడికి పంపేది అవ్వే. జ్వరం వస్తే తడిగుడ్డ వేస్తూ పక్కన కూర్చునేదీ అవ్వే. అవ్వ ఇంట్లో ఉంది కాబట్టే అమ్మ నిశ్చింతగా ఉద్యోగానికి వెళ్లగలుగుతోంది.

కానీ తిండి దగ్గర, చదువు దగ్గర ఇద్దరికీ కుదిరేది కాదు. అవ్వ ఇంకా ముద్దలు కలిపి తినిపిస్తుంది. తొమ్మిదేళ్ల పిల్ల తన చేత్తో తాను తినాలని అమ్మ అంటుంది. హోంవర్కు అయ్యేదాకా టీవీ పెట్టకూడదన్నది అమ్మ రూలు. పిల్ల మొహం చిన్నబోతే చాలు, అవ్వ చెయ్యి టీవీ స్విచ్ వైపు పోతుంది.

ఎదురెదురుగా పోట్లాడుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. అందుకే అమ్మ "మీ అవ్వకు చెప్పు" అనేది. అవ్వ "మీ యమ్మకు సెప్పు" అనేది.

నవనీతకు ఇందులో ఒక ఉపాయం దొరికింది. మాటలో తనకు నచ్చిన సగం మాత్రమే చేరవేసేది!

మొన్న అవ్వ, "బిడ్డ అలిసిపోయి వస్తాంది. రాంగానే హోంవర్కు అడగొద్దను. కొంచేపు ఆడుకోనిచ్చి, దీపం పెట్టినాక నేనే కూసోబెట్టి రాయిస్తా" అంది. అమ్మ దగ్గరకు చేరేసరికి అది, "అవ్వ హోంవర్కు అడగొద్దంటాంది" అయింది. అమ్మ మొహం గంటుపెట్టుకుంది.

ఈ పొద్దున అమ్మ చెప్పులు వేసుకుంటూ చెప్పింది. "అవ్వ భుజం నొప్పితో రాత్రంతా మూలుగుతాంది. నొప్పి తగ్గేదాకా సంగటి గెలకొద్దని చెప్పు. నేను కుక్కర్లో అన్నం పెట్టినాను. రేపు ఆదివారం కదా, డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోతానని చెప్పు."

నవనీతకు సంగటి అంటే పడదు. వంటింట్లోకి ఎగురుకుంటూ పోయింది.

"అవ్వా! ఇంక సంగటి చేయొద్దంట. అమ్మ చెప్పింది."

రాగిపిండిలో ఉన్న అవ్వ చెయ్యి ఆగింది. "వద్దనిందా?"

"ఊ."

అవ్వ చెయ్యి కడుక్కుంది. వాడిన మొహంతో పిండి డబ్బాకు మూత పెట్టింది.

ఇప్పుడు ఆ మొహం గుర్తొచ్చి నవనీత భోరుమంది.

"అవ్వను నేనే పంపించేసినా నాన్నా!"

ఏడుస్తూనే జరిగిందంతా చెప్పింది. నాన్న చేతిలోని విత్తనాల గిన్నె పక్కన పెట్టాడు.

"కృష్ణప్పా, కొంచేపు అంగడి చూసుకో!"

"నేనా? నేను విత్తనాలు కొనేదానికి వచ్చినానప్పా, అమ్మేదానికి కాదు!"

ఆ మాట పూర్తయ్యేలోపే మోపెడ్ స్టార్టయింది.

నవనీత నాన్న నడుము గట్టిగా పట్టుకుంది. మోపెడ్ సందు తిరిగింది. ఒక ఆవును తప్పించింది. బస్టాండు మలుపులోకి దూసుకుపోయింది. ఎదురుగా కుప్పం బస్సు! గేటు దాటి రోడ్డెక్కుతోంది. వెనక కిటికీలోంచి తెడ్డు కొస బయటికి కనిపిస్తోంది.

"అవ్వా! అవ్వా!"

బస్సు హారన్‌లో ఆ కేక కలిసిపోయింది. నాన్న వేగం పెంచాడు. ఇంకొంచెం... ఇంకొంచెం... కిటికీ దగ్గరవుతోంది.

అప్పుడే పక్క రోడ్డులోంచి టమోటా లారీ ఒకటి అడ్డంగా వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. డ్రైవర్లు ఇద్దరూ కిందికి దిగి అరుచుకోవడం మొదలుపెట్టారు. దారి తెరుచుకునేసరికి బస్సు కనుచూపు మేరలో లేదు.

నాన్న హ్యాండిల్ మీద గుద్దాడు. "ఈ బండితో ఇంక అందుకోలేమమ్మా."

నవనీత కళ్లు తుడుచుకుంది. బుర్రలో ఒక ఆలోచన మెరిసింది.

"నాన్నా, కుప్పం బస్సు పుంగనూరులో ఆగుతుంది కదా?"

"ఆగుతాది. టీ తాగి పోతారు."

"అమ్మ ఆడే ఉండాది!"

నాన్న ఒక్క క్షణం కూతురి వైపు చూసి బండి తిప్పాడు. కదిరప్ప ఎస్టీడీ బూత్ ముందు ఆపాడు. ఆఫీసు నంబరు కలిపి, రిసీవర్ నవనీత చేతికిచ్చాడు.

"నువ్వే చెప్పు. ఈసారి మొత్తం."

అవతల ఎవరో ఎత్తి, అమ్మను పిలిచారు. నవనీత రిసీవర్ చెవికి ఆనించుకుని ఎదురుచూసింది. అమ్మకు చెబితే ఏమంటుందో! చెప్పకపోతే? బస్సు పుంగనూరు దాటిపోతుంది. అవ్వ ఇంక రాదు.

"ఏమైంది నవనీతా?"

"అమ్మా, అవ్వ వెళ్లిపోయింది. కుప్పం బస్సులో ఉండాది. నా వల్లే. సంగటి వద్దని చెప్పినా. భుజం నొప్పి మాట చెప్పలేదు. డాక్టరు మాట చెప్పలేదు. అవ్వ దీపం పెట్టినాక రాయిస్తాననింది, అది నీకు చెప్పలేదు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"అమ్మా?"

"బస్సు నంబరేమి?"

"తెలీదు. వెనక కిటికీలో తెడ్డు ఉంటుంది!"

ఫోన్ టక్కున పెట్టేసిన శబ్దం.

తర్వాత బస్టాండులో కూర్చోవడమే మిగిలింది. నాన్న అంగడికి పోయి మళ్లీ వచ్చాడు. కృష్ణప్ప ఇద్దరికి విత్తనాలు అమ్మిపెట్టాడట! ఆ మాటకు కూడా నవనీత నవ్వలేదు.

పుంగనూరు వైపు నుంచి ఒక బస్సు వచ్చింది. అందరూ దిగారు. అమ్మ లేదు. అవ్వ లేదు.

ఎండ వాలింది. ఇంకో బస్సు వచ్చింది. నవనీత లేచి నిలబడింది. మొదటి కిటికీ, రెండో కిటికీ...

వెనక కిటికీలోంచి తెడ్డు బయటికొచ్చింది!

"పట్టుకోమే! దీంతో దిగేకి కాదు!"

నవనీత తెడ్డును రెండు చేతులా అందుకుంది. దాన్ని గుండెలకు హత్తుకుని గెంతింది. అవ్వ దిగింది. వెనకే అవ్వ సంచి మోసుకుంటూ అమ్మ.

"సూస్తివా జయచంద్రా!" అవ్వ ఆయాసపడుతూనే మొదలుపెట్టింది. "పుంగనూరులో నీ పెండ్లాం బస్సులోకి ఎగిరి దూకె. కండక్టరు అరస్తాండాడు, బస్సంతా సూస్తాంది, ఈమె నా సంచి లాక్కోని దిగమంటాది! దొంగేమోనని పక్కనున్నాయన సంచికి అడ్డం పడె!"

నాన్న పగలబడి నవ్వాడు. అమ్మ మాత్రం నవనీతనే చూస్తోంది.

"వస్తా వస్తా మేమిద్దరం అన్ని మాటలూ పోల్చి చూసుకున్నాం. అన్నీ."

నవనీత తెడ్డు వెనక మొహం దాచుకుంది.

"వారం రోజులు టీవీ లేదు" అంది అమ్మ.

"పాపం, పసిబిడ్డ..." అని అవ్వ నోరు తెరిచింది. అమ్మ అటు తిరిగింది. అవ్వ గొంతు సవరించుకుంది. "వారమంటే వారమే. నేను గూడా సూడను."

"ఇంకోటత్తా, తన చేత్తోనే తినాల."

"ఆదివారం నేను తినిపిస్తా."

"సరే. ఆదివారం ఒక్కటే."

"జొరమొచ్చిన దినం గూడా."

అమ్మకు నవ్వు ఆగలేదు. "సరే అత్తా."

అవ్వ నవనీత గడ్డం పట్టుకుంది. "నీకు సంగటి యాల వద్దే?"

"గొంతు దిగదవ్వా."

"ఆ మాటేదో నాకే సెప్పుంటే సిన్న ముద్ద సేసుందును గదా!"

ఆదివారం అమ్మ అవ్వను డాక్టరుకు చూపించింది. భుజానికి పని పెట్టొద్దని చెప్పి ఆయన మందులిచ్చాడు. ఆ రోజు సంగటి నాన్న గెలికాడు. ఉండలు ఉండలుగా వచ్చింది. అవ్వ పప్పులో అద్ది, నిమ్మకాయంత ముద్దలు నవనీతకు తినిపించింది. అవి గొంతు దిగాయి.

సోమవారం పొద్దున అవ్వ పాలకు పోయింది. అమ్మకు బస్సు వేళయింది.

"నవనీతా, అవ్వకు చెప్పు. మధ్యాహ్నం మాత్ర మరిచిపోవద్దు. నువ్వు బడి నుంచి రాగానే అరటిపండు. బొరుగుల ఉండ అన్నం తిన్నాకే."

అమ్మ వెళ్లిపోయింది. నవనీత చేతిలో అప్పటికే డబ్బాలోంచి తీసిన బొరుగుల ఉండ ఉంది. అవ్వ పాల చెంబుతో లోపలికి వచ్చింది.

"మీ యమ్మ ఏమన్నా సెప్పిందా?"

నవనీత ఉండ వైపు చూసింది. దాన్ని డబ్బాలో వేసి మూత పెట్టింది.

"మధ్యాహ్నం మాత్ర మరిచిపోవద్దంట. నాకు బడి నుంచి రాగానే అరటిపండంట. ఉండ అన్నం తిన్నాకేనంట."

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "అట్లనా? అయితే మీ యమ్మకు గూడా సెప్పు. మాత్ర మింగుతా. పండు పెడతా. కానీ నిన్నటి లెక్కలు రెండు మిగిలిపోయినాయి, వచ్చినాక అడగమను."

నవనీత ఒక్క ఉరుకున వీధిలో పడింది. మూల మీద బస్సు కదలబోతోంది.

"అమ్మా! ఆపండి! అమ్మా!"

కిటికీలోంచి అమ్మ తల బయటపెట్టింది. నవనీత రొప్పుతూ, బస్సు పక్కనే పరుగెత్తుతూ, ఒక్కో మాటా చెప్పింది. మాత్ర. పండు. లెక్కలు.

"మధ్యలో ఏమన్నా వదిలేసినావా?" అని అరిచింది అమ్మ.

"లేదమ్మా! లెక్కలు గూడా చెప్పేసినా గదా!"