అత్తమ్మ తిట్టడం మానేసింది

మూడు రోజులుగా అత్తగారు ఒక్క తిట్టు తిట్టలేదు! విజయదుర్గ గుండెల్లో రాయి పడింది.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో అండాలమ్మ నోటికి అడ్డే ఉండేది కాదు. కోడలు ఆలస్యంగా లేస్తే "పీనుగ లేసిందా" అనేది, టీ చల్లారితే "నీ పాడె గట్ట" అనేది. తెనాలి నుంచి కాపురానికి వచ్చిన కొత్తల్లో విజయదుర్గ స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చేది. వాళ్ల పుట్టింట్లో దీపం ఆరిందని కూడా అనరు, కొండెక్కిందంటారు. తాతగారు పోతే "కాలం చేశారు" అన్నారే తప్ప చావన్న మాట ఎవరి నోటా రాలేదు.

చివరికి అత్తగారే ఒకనాడు చెప్పింది. "ఇద్దరు పిల్లలను బంగారం, ముత్యం అని పిల్సుకున్న. ఇద్దరూ దక్కలే. మూడోటోన్ని పెంటకుప్ప మీద పండబెట్టి పెంటయ్య అని పేరు వెట్టిన. గాడే నీ మొగుడు." బడిలో శ్రీనివాస్, తల్లికి ఇప్పటికీ పెంటిగాడు. ఆనాటి నుంచి ఆ తిట్లు విజయదుర్గకు దిష్టిచుక్కల్లా తోచాయి.

ఇప్పుడు విజయదుర్గ రొమ్ములో గడ్డ. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. తెలంగాణ కోసం సమ్మె, బస్సులు లేవు, ఫలితం ఆలస్యమైంది. ఈలోగా అండాలమ్మ "జర పాలు తాగు తల్లీ" అంటోంది. బియ్యం అయిపోతే "ఒడిసినయ్" అనే మనిషి, కోడలి పుట్టింటివాళ్లలా "నిండుకున్నయ్ బిడ్డా" అంది. శ్రీనివాస్ జబ్బు పేరెత్తకుండా "అదీ..." అని ఆగిపోతున్నాడు. ఇంతమంది ఇంత మెత్తగా మాట్లాడుతున్నారంటే ఇక తన పని అయిపోయినట్టే!

"అత్తమ్మా, మీకు తెలిసిపోయింది కదూ" అని విజయదుర్గ అత్తగారి కాళ్ల దగ్గర కూలబడింది. "మీకు పుణ్యముంటుంది. ఒక్కసారి నాకు పాడె కట్టండి."

అండాలమ్మ నోరు తెరిచింది. "నీ పా..." అని ఆగి, కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది.

"వస్తలేదే బిడ్డా. నువ్వు మంచిగున్నప్పుడు అది ఉత్త మాట. గిప్పుడంటే నిజమైతదేమోనని బుగులైతుంది. నాకేం ఎరుక లేదు, ఒట్టు. ఇంట్ల సావు మాట తియ్యొద్దని పెంటిగాడే చెప్పిండు."

అత్తాకోడళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుండగానే, ఎల్బీ నగర్ దవాఖాన నుంచి నడుచుకుంటూ శ్రీనివాస్ వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది.

"క్యాన్సర్ కాదు" అన్నాడు. ఇన్నాళ్లకు ఆ పేరు అతని నోట వచ్చింది. "ఉత్త కొవ్వు గడ్డ."

అండాలమ్మ కళ్లు తుడుచుకుంది, ముక్కు చీదింది, కోడలి వైపు తిరిగింది.

"నా పాణం తోడినవ్ గదనే, పీనుగా. లే, బియ్యం ఒడిసినయ్."

విజయదుర్గ కన్నీళ్లు ఆగడం లేదు. "ఇంకొక్కసారి అనండి అత్తమ్మా" అంది.