చల్లార్పు గది

“ఇవాళ ఏదో అయ్యేలా ఉందండీ బంగార్రాజుగారూ. పొద్దున్నుంచీ కుడికన్ను ఒక్కటే కాదు, రెండూ అదురుతున్నాయి,” అంది నూకరత్నం, బొటనవేలిని స్పర్శపలక మీద ఆనించి ఆ రోజుకి నూట పన్నెండో లేఖను నిర్ధారిస్తూ.

“మీకు రోజూ ఏదో ఒకటి అవుతుందమ్మా. మొన్న సైరన్ మోగలేదని భయపడ్డారు. నిన్న మోగిందని భయపడ్డారు. దానికి నేనేం చెయ్యనండీ?” అన్నాడు పర్యవేక్షకుడు బంగార్రాజు, టీగ్లాసులోంచి తల ఎత్తకుండానే.

“మా అమ్మాయి మాణిక్యం సముద్రపు గోడ అడుగు గదుల్లోకి దిగి పదిహేడు రోజులైందండి.”

“ఇంకో నాలుగు రోజుల్లో వచ్చేస్తుందండి. క్షేమం గుర్తు వచ్చిందా పొద్దున్న?”

“వచ్చింది. అది పిల్ల పెట్టిందో, యంత్రమే పెట్టేసిందో ఎలా తెలుస్తుందండీ?”

ఆయన టీ ఇంకో గుక్క తాగాడు. నూకరత్నం మళ్ళీ దర్పణం వైపు తిరిగింది.

పదకొండేళ్ళుగా చూస్తున్నా ఆ దర్పణం ముందు ఆమెకి ఒళ్ళు జలదరించడం మానలేదు. మూడు అంతస్తుల ఎత్తు. సముద్రపు పోటుని ఆపే కాకినాడ సాగరకుడ్యాన్ని నడిపే పదకొండు వేల బల్లల మధ్య తిరిగే ప్రతి లేఖా అందులో ఒక సన్నని వెలుగుచారగా పారుతుంది. మామూలు లేఖలు పసుపురంగులో తాపీగా పోతాయి. పదునున్నవి మాత్రం లోపల నీలంగా మండుతూ వస్తాయి. తను ఎనిమిదో తరగతి చదివిన మనిషి. అంత మెత్తటి మాటల్లో అంత మంట ఎక్కడ దాగుతుందో మొదటి ఏడాది ఆమెకి అంతుపట్టలేదు. పులస ముక్క నోట్లో వేసుకున్నట్టే ఉండేది. వెన్నలా కరిగిపోతుంది, ముల్లు గొంతులో దిగేదాకా అది ఉందని తెలియదు.

ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. ఆఫీసు లేఖల్లో మాత్రం ఆ మాటలు మంత్రాల్లా నిలిచిపోయాయి. వాటిని చదవడం ఆమెకి బంగార్రాజే నేర్పాడు.

“‘జెంటిల్ రిమైండర్’ అంటే మూడు మాత్రల పదునమ్మా. నువ్వు మర్చిపోయావని నాకు తెలుసు అని. ‘యాజ్ పర్ మై లాస్ట్ మెయిల్’ అంటే ఆరు. నేను ముందే చెప్పాను, నువ్వు చదవలేదు, ఇప్పుడు చదివించి మరీ చూపిస్తున్నాను అని. పై అధికారికి కాపీ పెడితే రెట్టింపు. అది సాక్షిని పిలవడం. కింద సంతకం చూడండి. ‘వార్మ్ రిగార్డ్స్’ నుంచి ‘రిగార్డ్స్’కి దిగితే ఒక మాత్ర. ఒట్టి పేరే మిగిలితే రెండు.”

“మరి ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’కి?”

“సున్నా. దానికి పదును లేదమ్మా. అది బరువు. నా చేతిలోది నీ చేతిలో పెట్టి, నేను ఏం పెట్టానో చెప్పకుండా వెళ్ళిపోవడం.”

పదునున్న లేఖను అలాగే పంపేస్తే ఏమవుతుందో సాగరకుడ్యం ఒకసారి చూసింది. పద్దెనిమిదేళ్ళ కిందట రెండు శాఖల పెద్దలు ఒకరి లేఖకు ఒకరు నొచ్చుకుని, జవాబులు మానేసి, మూడో గేటు మరమ్మతు ఆపేశారు. పోటునీళ్ళు జగన్నాథపురం వీధుల్లో నిలిచాయి. ఆ తర్వాతే చల్లార్పు గది కట్టారు. ఇక్కడ యంత్రం కొలుస్తుంది, మనిషి వేలితో నిర్ధారిస్తుంది, పదును మాత్రకి మూడు గంటల చొప్పున లేఖ ఇక్కడ ఆగుతుంది. అది చేరేసరికి రాసినవాడి కోపమూ తగ్గి ఉంటుంది, అందుకునేవాడి అహమూ సర్దుకుని ఉంటుంది. ఆ తర్వాత శాఖల మధ్య ఒక్క గొడవ కూడా జరగలేదు. నిజంగా గొప్ప ఏర్పాటని నూకరత్నం నమ్మేది.

నూట పదమూడో లేఖ వచ్చింది.

అది వచ్చిన తీరుకే ఆమె కుర్చీలో వెనక్కి జరిగింది. దర్పణం అడుగు నుంచి పైదాకా నీలం లేచింది. నీళ్ళ అడుగున కత్తి తళతళలాడినట్టు అంత వెలుగు, చప్పుడు మాత్రం లేదు. బంగార్రాజు టీగ్లాసు కింద పెట్టి లేచి వచ్చాడు.

“పద్నాలుగు మాత్రలు! నా సర్వీసులో చూడలేదండీ ఇంత. ఏం రాశాడేంటి?”

రాసింది మూడే వరుసలు. ‘విత్ డ్యూ రెస్పెక్ట్, యాజ్ పర్ మై లాస్ట్ మెయిల్ అండ్ సబ్సీక్వెంట్ రిమైండర్స్, ట్రెయిలింగ్ మెయిల్ చూడగలరు. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్.’ ముగ్గురు పై అధికారులకు కాపీ. కింద ఒట్టి పేరు. గేట్ల కార్యాలయం నుంచి సామగ్రి శాఖకి.

పలక మీద అంకె పడింది. చల్లార్పు: నలభై రెండు గంటలు. అంటే శుక్రవారం మధ్యాహ్నం వచ్చిన లేఖ ఆదివారం తెల్లారాక కదులుతుంది.

“నిర్ధారించండమ్మా. వెనక ఇంకా ఉన్నాయి,” అన్నాడు బంగార్రాజు.

నూకరత్నం వేలు ఎత్తింది. పలకకి ఆనించలేదు. ఇలాంటిదాన్నే తను మొన్న బుధవారం ఇరవై నాలుగు గంటలకు నిర్ధారించినట్టు గుర్తొచ్చింది. అదే పేరు. అంతకుముందు సోమవారం కూడా.

“ఇంతకీ ఈ నీడ్‌ఫుల్ ఏంటండీ?”

“ఏదో ఉంటుంది. మనకెందుకండీ? పైలేఖ కొలవడమే మన పని.”

పైలేఖ కింద వరసగా తగిలించి ఉండే పాత తోకలేఖలు చూడకూడదని నిబంధన ఏమీ లేదు. రోజుకి రెండువందల లేఖలు చూసే గదిలో ఎవరికీ తీరిక ఉండదు, అంతే. ఆమె వేలితో కిందకి తోసింది. ‘యాజ్ పర్ మై లాస్ట్ మెయిల్, విషయం తనిఖీ శాఖ వద్ద ఉన్నది.’ ఇంకా కిందకి. ‘నోటెడ్. సామగ్రి శాఖతో ప్లీజ్ కోఆర్డినేట్.’ ఇంకా కిందకి. ‘జెంటిల్ రిమైండర్.’ ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్.’ ‘ఫర్ యువర్ కైండ్ ఇన్ఫర్మేషన్ అండ్ నెసెసరీ యాక్షన్.’ ఒక్కో మెట్టు దిగుతుంటే సంతకాలు మెత్తబడుతున్నాయి, కాపీలు తగ్గుతున్నాయి. పది లేఖలు దిగింది. ఏ ఒక్కదాంట్లోనూ విషయం లేదు. అందరూ దాన్ని చుట్టి, మర్యాదగా పక్కవాడికి అందించారు.

పదకొండోది అన్నిటికన్నా అడుగున ఉంది. తొమ్మిది రోజుల కిందటిది. అందులో మర్యాద లేదు, పదునూ లేదు.

‘ఐదో గదిలో గాలి వడపోత పలక బీటలిచ్చింది. మిగిలింది ఒక్కటే. అది వచ్చే వారం శుక్రవారం పొద్దుగూకేదాకా వస్తుంది. ముగ్గురం ఉన్నాం. నాలుగు పలకలు సామాన్ల గొట్టంలో పంపండి. మాణిక్యం.’

నూకరత్నం దాన్ని రెండుసార్లు చదివింది. భయపడేవాళ్ళకి కీడు నిజంగా ఎదురైనప్పుడు ఒక వింత జరుగుతుంది. ఆమె కళ్ళు అదరడం ఆగిపోయింది.

“నేనే ఆపానండీ,” అంది. “సోమవారం ఒకసారి, బుధవారం ఒకసారి. ఈ వేలితోనే.”

బంగార్రాజు ఆమె భుజం మీదుగా వంగి చదివాడు. ఆయన మొహంలో రంగు దిగిపోయింది. “మనుషుల లిఫ్టు...”

“పోటు తగ్గితేగానీ కదలదు. నాలుగు రోజులు. పోనీ ఫోను కొడదామా అంటే శాఖల మధ్య ఫోన్లు తీసేసి ఎన్నాళ్ళైంది?”

“ఉండండి. అత్యవసరం అని ముద్ర వేసి నేను రాస్తాను.” ఆయన గబగబా తన బల్ల దగ్గర కూర్చుని రాశాడు. దర్పణంలో కొత్త చార లేచింది, నీలంగా. తొమ్మిది మాత్రలు. ఇరవై ఏడు గంటలు. ఆయన తల పట్టుకున్నాడు. “అత్యవసరం అనే మాటకే ఐదు వేసిందమ్మా ఇది. ఎదుటివాడు సోమరి అని అన్నట్టు లెక్క.”

అప్పుడు అర్థమైంది నూకరత్నానికి. బిడ్డకి గాలి ఎంత తక్కువైతే, గేట్ల వాళ్ళు అంత గట్టిగా గుర్తు చేశారు. ఎంత గట్టిగా గుర్తు చేస్తే, లేఖ అంత పదునెక్కింది. ఎంత పదునెక్కితే, తను అంత ఎక్కువసేపు ఆపింది. ఎవరూ పొరపాటు చెయ్యలేదు. అందరూ మంచిగానే ఉన్నారు. ఆ నిండైన, లోపంలేని ఏర్పాటును చూసి ఆమెకి గుడి గోపురం కింద నిలబడ్డట్టు తల తిరిగింది.

ఆమె లేచి గోడ దగ్గరికి నడిచింది. అక్కడ పరీక్ష మీట ఉంది. రోజూ ఉదయం అన్ని బల్లలూ పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ‘పరీక్ష’ అనే ఒక్క మాటను పదకొండు వేల చోట్లకీ ఒకేసారి పంపేది అదే. దానికి కొలత లేదు, చల్లార్పు లేదు.

“అమ్మా, వద్దండీ. అందులో వేరే మాట రాస్తే ఉద్యోగం పోద్ది. మీదీ, నాదీ.”

“మీరు టీ తాగడానికి బయటికెళ్ళారని చెప్తాను. వెళ్ళండి.”

ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు. తిరిగి వచ్చాడు. “సరే, రాయండి. తప్పుల్లేకుండా రాయండి,” అన్నాడు.

మొదట ‘గౌరవనీయులకు’ అని వేలు తనంతట తనే రాసేసింది. చెరిపేసింది. చివర ‘దయచేసి’ అని వచ్చింది. కాసేపు దాన్ని చూసి అదీ చెరిపేసింది.

‘నేను చల్లార్పు గదిలో నూకరత్నాన్ని. ఐదో గదిలో గాలి వడపోత పలక ఈ పొద్దుగూకేసరికి అయిపోతుంది. కింద ముగ్గురున్నారు. ఒకరు నా కూతురు. ఆ లేఖని రెండుసార్లు ఆపింది నేనే. పలకలు ఎవరి దగ్గరున్నాయి? ఎవరు పంపుతారు?’

మీట నొక్కింది.

ఆమె మాటలు దర్పణం అడుగు నుంచి లేచాయి. పసుపు లేదు, నీలమూ లేదు. తెల్లగా, నీళ్ళలా, ఏ రంగూ లేని వెలుగు. అది పదకొండు వేల పాయలుగా చీలి, పై అంతస్తుదాకా విప్పుకుంది. అంత వెలుగును ఆ గది ఏనాడూ చూసి ఉండదు. బంగార్రాజు చేతులు జోడించాడు, తనకే తెలియకుండా.

తర్వాత అన్ని చారలూ ఆగిపోయాయి.

పదకొండు వేల బల్లల దగ్గర మనుషులు ఆ మాటలు చదువుతున్నారని ఆమెకి తెలుసు. జవాబు పెట్టెలో యంత్రం వాళ్ళకి ఇచ్చే మాటలు కూడా తెలుసు. నోటెడ్. సంబంధిత శాఖకు పంపడమైనది. వాటిలో ఏదీ ‘ఎవరు’ అన్నదానికి అతకదు. ఆ ఒక్క ప్రశ్న రాకుండా ఉండడానికే కదా ఇన్ని మంచిమాటలు పుట్టాయి. ‘నేను’ అని రాసినవాడి నెత్తిన ఆ పని పడుతుంది. తర్వాత ఏ తేడా వచ్చినా వాడిదే.

ఐదు నిమిషాలు. పది. దర్పణం నల్లగా, నిశ్చలంగా ఉంది. కిటికీలోంచి పొద్దు పడమటికి వాలడం కనిపిస్తోంది. నూకరత్నం దేవుణ్ణి తలుచుకోవడం కూడా మరిచి, రెప్ప వెయ్యకుండా నిలబడింది. ఇరవై నిమిషాలు. ఇరవై ఐదు.

దర్పణం కింది మూలలో, ఎప్పుడూ వెలుగు పారని చోట, చిన్న తెల్లని చార కదిలింది. ఎవరో ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ రాస్తున్నారు. చెరిపి, మళ్ళీ రాస్తున్నారు.

‘నా దగ్గరున్నాయమ్మా. తొమ్మిది పలకలు. పది రోజుల్నుంచి నా బీరువాలోనే ఉన్నాయి, నన్నెవరూ అడగలేదు. పట్టుకుని గొట్టం దగ్గరికి నేనే పోతున్నాను. రెండో గోదాం, గంటా వీర్రాజు.’