హద్దు గుంజ దగ్గర అడుగులు

శవం హద్దు గుంజ పక్కనే బోర్లా పడి ఉంది.

సబ్-ఇన్‌స్పెక్టర్ జేయ లిన్ పడవ దిగేసరికి ఉదయం ఏడైంది. ఐరావతి వరద తగ్గి మూడు వారాలు. నది వదిలిన ఒండ్రు దిబ్బ మీద ఊరంతా గుమిగూడి ఉంది. చచ్చినవాడు కో మ్యింట్ సో. మెడ మీద ఒకటే కత్తి వేటు.

చంపినవాడు పారిపోలేదు. కత్తి పక్కన పెట్టుకుని, గట్టున గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్క పొలం రైతు ఊ ఫో న్యున్ కొడుకు జో తేట్. పాతికేళ్లు ఉంటాయి.

"నువ్వేనా?"

"నేనే సార్."

"ఎందుకు?"

"మా నేల కొట్టేశాడు. రాత్రికి రాత్రి గుంజ జరిపాడు. రెండెకరాలు!"

"చూశావా?"

"చూడక్కర్లేదు సార్. మా నాన్న లెక్క తప్పదు."

కానిస్టేబుల్ ఔంగ్ క్యీ బేడీలు వేస్తూ గొణిగాడు. "కేసు కట్టేయడమే సార్. మధ్యాహ్నానికి ఇంట్లో మోహింగా తినొచ్చు."

జేయ కూడా అదే అనుకున్నాడు. అప్పుడు ముసలాయన వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఊ ఫో న్యున్‌కి అరవై దాటాయి. 

"బాబూ, వాడు చంపాడు. కాదనను. కానీ ఆ మ్యింట్ సో దొంగని తేలితే, కోర్టులో శిక్ష తగ్గుతుందంటగా?"

"కొంత తగ్గొచ్చు పెద్దాయనా. రెచ్చగొట్టాడని రాసుకుంటారు."

"లేకపోతే?"

జేయ కుర్రాడి చేతి బేడీల వైపు చూశాడు. ముసలాయనకి అర్థమైంది.

"అయితే తేల్చు బాబూ. నాకున్నది వాడొక్కడే."

ఆ మాటకి జేయ కరిగిపోయాడు. ఆ కుర్రాణ్ని ఉరి నుంచి తప్పించే దారి ఒకటే ఉంది. గుంజ జరిగిందని రుజువు కావాలి.

మధ్యాహ్నం ముసలాయన్ని వెంటబెట్టుకుని మళ్లీ దిబ్బ మీదికి వచ్చాడు. ఈ దిబ్బ మీద ఏటా నేల మారిపోతుంది. నది ఒకచోట మింగి ఇంకోచోట కక్కుతుంది. నీళ్లు తగ్గగానే ఊరిపెద్ద కుటుంబానికో ముక్క చూపించి నాలుగు మూలలా గుంజలు పాతిస్తాడు. అది ఎన్నెకరాలో ఎవరికీ తెలీదు. ఎవరి ముక్క వాళ్లు అంగలతో కొలుచుకుని విత్తనం తెచ్చుకోవాలి.

"ఎలా కొలిచారో చెప్పండి."

"కొత్తగా ఏముంది బాబూ, మా నాన్న నేర్పినట్టే. అంగకో గజం. డెబ్బై అంగల పొడుగు, డెబ్బై వెడల్పు ఉంటే ఎకరం. ఎకరానికి గంపెడు శనగలు."

"లెక్క మర్చిపోరా?"

"పిడికిట్లో శనగలు పట్టుకుంటా. పది అంగలకో గింజ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి. చూపు మాత్రం ఎదురుగుంజ మీదే ఉండాలి. కాళ్లు చూసుకున్నావా, వంకర పోతావ్. మా నాన్న మొట్టేవాడు."

"ఎంత వచ్చింది?"

"పొడుగు రెండొందల పది. వెడల్పు నూట అరవై ఎనిమిది. ఏడెకరాల పైచిలుకు. ఏడు గంపలు తెచ్చాను. వారం తర్వాత మావాడు విత్తాడు. ఐదు గంపలకే నేల అయిపోయింది! రెండు గంపలు మిగిలిపోయాయి. మరి ఆ రెండెకరాలు ఎటు పోయినట్టు?"

జేయ ఆలోచించాడు. మిగిలిన విత్తనానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, కొడుకు పలచగా విత్తి ఉండాలి. మోకాళ్ల మీద కూర్చుని సాలు తవ్వి చూశాడు. సాలుకీ సాలుకీ జానెడున్నర. గింజకీ గింజకీ బెత్తెడు. నాలుగు చోట్ల తవ్వాడు. నాలుగు చోట్లా అంతే. కుర్రాడు శ్రద్ధగా విత్తాడు. అంటే గంపకి ఎకరం చొప్పున నేల ఐదెకరాలే.

ఇక రెండోది. గుంజ జరిగి ఉండాలి.

జేయకి ఆశ పుట్టింది. మ్యింట్ సో పొలం వైపు పాత గుంత కోసం వెతికాడు. ఒండ్రు ఎండి బీటలు వారి ఉంది. గుంజ పీకితే గుంత దాగదు. ఔంగ్ క్యీతో కలిసి రెండు గంటలు అంగుళం అంగుళం చూశాడు.

"ఏం లేదు సార్. ఎండ్రకాయ బొక్కలు తప్ప."

"పూడ్చి ఉంటాడు."

"పూడిస్తే అతుకు కనిపించదా సార్? ఇదేమన్నా లుంగీయా?"

జేయకి చిరాకేసింది. హద్దు పక్కన దున్నకుండా వదిలిన సన్నటి బాట మీద కూలబడ్డాడు. చేతికి ఏదో గరుగ్గా తగిలింది.

పాదం ముద్ర.

నీళ్లు తగ్గిన కొత్తలో, తడి మీద పడ్డ ముద్ర. ఆ తర్వాత రాయిలా గట్టిపడింది. దాని ముందు ఇంకొకటి. ఇంకొకటి. తీగలా సూటిగా సాగిన వరస. ఎడమ పాదం ముద్రలో ప్రతిసారీ బొటనవేలు ఈడ్చిన గీత.

టేపు తెప్పించాడు. ముద్రకీ ముద్రకీ మధ్య రెండున్నర అడుగులు. గజం కాదు.

వరస వెంట చివరిదాకా నడిచాడు. నడుస్తున్నకొద్దీ అతని ఆశ సన్నగిల్లింది.

సాయంత్రం నాలుగింటికి అందర్నీ అక్కడికే పిలిచాడు. ఊరిపెద్ద వచ్చాడు. ఊ ఫో న్యున్ వచ్చాడు. మ్యింట్ సో భార్య మ ఖిన్ వే, ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో దూరంగా నిలబడింది.

"పెద్దాయనా, కాలికి ఏమైంది?"

"వానాకాలంలో బండి తిరగబడింది. చక్రం తుంటి మీదికెక్కింది. కట్టు కట్టారు. ఇప్పుడు బాగానే నడుస్తున్నాగా?"

"ఇక్కణ్ణుంచి ఆ గుంజదాకా మళ్లీ కొలవండి. ఎప్పటిలాగే."

ముసలాయన లుంగీ ఎగగట్టాడు. పిడికిట్లో శనగలు పట్టుకున్నాడు. చూపు ఎదురుగుంజ మీద నిలిపి నడిచాడు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ వెళుతోంది. పాత ముద్రల మీదే కొత్త అడుగులు సరిగ్గా పడ్డాయి. గుంజ దగ్గర ఆగి, గింజలు లెక్కపెట్టుకుని గర్వంగా అరిచాడు.

"రెండొందల పది! చూశావా బాబూ? నా లెక్క తప్పలేదు!"

జేయ కింద ఉన్న పాత ముద్రల వైపు వేలు చూపించాడు. గర్వం ముసలాయన మొహం మీద మెల్లగా ఆరిపోయింది.

"అప్పుడూ రెండొందల పది, ఇప్పుడూ అంతే" అన్నాడు జేయ. "మీ పాత ముద్రలు ఈ గుంజ దగ్గరే ఆగి వెడల్పు కొలవడానికి పక్కకి తిరిగాయి. ఆ వరస కూడా రెండో గుంజ దాకానే ఉంది. గుంజలు అంగుళం కూడా జరగలేదు. గజం పడాల్సిన అంగ రెండున్నర అడుగులే పడుతోంది. పాత కాలితో ఐదు అంగలైన చోట ఇప్పుడు ఆరు. పొడుగులోనూ ఆరే, వెడల్పులోనూ ఆరే. ఐదైదులు ఇరవై ఐదు, ఆరార్లు ముప్పై ఆరు. ఐదెకరాలు మీకు ఏడెకరాలుగా కనిపించాయి."

మ ఖిన్ వే ఒక అడుగు ముందుకేసింది.

"గుంజ ముట్టుకోలేదని చెప్పాడు కదయ్యా మా ఆయన. మీ గుమ్మంలోకొచ్చి, దణ్ణం పెట్టి మరీ చెప్పాడు. విన్నారా మీరు?"

ముసలాయన ఆమె వైపు చూడలేకపోయాడు. జేయ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఇది రాయకపోతే కుదరదా బాబూ? చచ్చినవాడు ఎలాగూ రాడు."

జేయకి రాయకూడదనే ఉంది. నిజంగా ఉంది. కానీ పది అడుగుల దూరంలో ఆ మనిషి పెళ్లాం నిలబడి ఉంది.

"అతన్ని దొంగని నేను రాయలేను పెద్దాయనా."

మిగిలిన రెండు గంపల శనగలూ ముసలాయన ఆమె వాకిట్లో దింపించాడు. పదును ఆరిపోతోందని, ఆమె పొలం తనే విత్తుతానని అన్నాడు. ఆమె తలుపు వేసేసుకుంది. గంపలు అక్కడే ఉండిపోయాయి.

చీకటి పడేవేళకి ముసలాయన జేయ వెంట స్టేషన్‌కి వచ్చాడు. జో తేట్ ఊచలు పట్టుకుని లేచాడు. మొహంలో ఆశ.

"నాన్నా! గుంజ గుంత దొరికిందా?"

"లేదు రా."

"దొరక్కపోతే ఏం? నీ లెక్కుంది కదా. సార్‌కి చెప్పు. నీ లెక్క ఎప్పుడన్నా తప్పిందా?"

ముసలాయన జేయ వైపు చూశాడు. ఆ మాట నువ్వు చెప్పు బాబూ అన్నట్టు. జేయ తల దించుకున్నాడు.

"తప్పింది రా" అన్నాడు ఊ ఫో న్యున్.