పదకొండున్నరకి మళ్ళీ వస్తాను

"ఇంకో ఐదు నిమిషాలండీ" అని కౌంటర్‌లో అమ్మాయి చెప్పి గంటైంది.

ఆపరేషన్ థియేటర్ల ముందున్న హాల్లో పాతికమంది కూర్చున్నారు. అందరిలోకీ ఎక్కువ ఒళ్ళు మండుతున్నది రైల్వే అనౌన్సర్‌కి. రైలు ఆలస్యమైతే మైకులో చింతించడం అతని ఉద్యోగం. రోజుకు ఇరవైసార్లు చింతిస్తాడు. నిజంగా చింతించింది ఇవాళే మొదటిసారి. తుంటి ఎముక విరిగి నాయనమ్మ లోపల ఉంది. తొమ్మిదింటికి అనుకున్న ఆపరేషన్ పదిన్నరైనా మొదలు కాలేదు.

అప్పుడు బూడిదరంగు కోటు వేసుకున్న అమ్మాయి వచ్చింది. ముందుగా గోడమీది టీవీ ఆపేసింది. తర్వాత అందరికీ కనిపించేలా హాలు మధ్యకొచ్చి నిలబడింది. చేతిలో చిన్న కార్డు.

"నమస్కారం. ఆసుపత్రి తరఫున మాట్లాడేది నేనే. ముందు లోపలున్నవాళ్ళ సంగతి చెప్తాను. రెండు ఆపరేషన్లు జరుగుతున్నాయి, వాటికి ఏ ఆటంకమూ లేదు. ఇంకా మొదలుకాని నలుగురూ మెలకువగా ఉన్నారు. ఎవరికీ మత్తు ఇవ్వలేదు."

హాలు ఊపిరి పీల్చుకుంది.

"ఇక ఆలస్యం ఎందుకంటే, ఆపరేషన్ సామాను పెట్టెల్ని ఆవిరి యంత్రంలో పెట్టి క్రిములు లేకుండా చేస్తాం. ప్రతి పెట్టెలో ఒక కాగితం పట్టీ ఉంటుంది. ఆవిరి సరిగ్గా తగిలితే దాని రంగు మారాలి. ఇవాళ రెండో విడతలో ఒక పట్టీ పూర్తిగా మారలేదు. అందుకని ఆ విడత పెట్టెలన్నీ వెనక్కి పంపేశాం. ఇప్పుడు వాడుతున్నవి మొదటి విడతవి. వాటి పట్టీలు మళ్ళీ చూశాం, బాగున్నాయి."

"మళ్ళీ ఎప్పుడు మొదలెడతారమ్మా?" వెనకనుంచి ఒక పెద్దాయన అడిగాడు.

"వేరే యంత్రంలో పెట్టాం. ఆవిరి పట్టాలి, ఆరాలి, పట్టీలు చూడాలి, చల్లారాలి. గంటన్నరకి తక్కువ కాదు. ఎవరిది ముందో సర్జన్లు ఇంకా తేల్చలేదు. ఒకటో రెండో రేపటికి పోవచ్చు. ఏవో నాకిప్పుడు తెలియదు. లోపలివాళ్ళు ఎప్పటిదాకా మంచినీళ్ళు తాగొచ్చో మత్తు డాక్టర్ చెప్తారు. మీ అంతట మీరు ఏమీ పంపకండి. పదకొండుకి మళ్ళీ వస్తాను. కొత్త కబురేమీ లేకపోయినా వస్తాను."

అనౌన్సర్ లేచాడు. "ఏమండీ, రేపటికి పోవచ్చని మొహమ్మీదే చెప్తారా? జనం కంగారుపడరూ? మా దగ్గర 'కొద్దిసేపట్లో' అంటాం. ఎంత హాయిగా ఉంటుందో!"

"మీ దగ్గరంటే?"

"రైల్వే స్టేషన్. అనౌన్సర్‌ని."

ఆమె అతన్ని పైనుంచి కిందకి చూసింది. "ఓహో, ఆ చింతించే గొంతు మీదేనా? పోయిన నెల నన్ను మూడుగంటలు బెంచీకి కట్టేశారు. కొద్దిసేపట్లో అన్నారుగా అని టీకి కూడా లేవలేదు. రైలొచ్చేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి ఎక్కలేకపోయాను."

హాలంతా నవ్వింది. అతను కూర్చున్నాడు. మండుతున్న ఒళ్ళు ఇప్పుడు చెవులదాకా పాకింది.

తర్వాత ఆమె ఒక్కొక్క కుటుంబాన్నీ పక్కగదిలోకి పిలిచి ఎవరి సంగతి వాళ్ళకి చెప్పింది. హాల్లో ఒకరి జబ్బు గురించి ఇంకొకరి ముందు మాట్లాడదట. అతని వంతొచ్చింది.

"నాయనమ్మగారు బాగానే ఉన్నారు. నొప్పి తగ్గడానికి మందిచ్చారు. మీకో కబురు పంపారు. ఆవిడ పళ్ళసెట్టు ఎక్కడ?"

అతను చొక్కా జేబు తడుముకున్నాడు. ఆపరేషన్‌కి ముందు తీసి ఇచ్చిన పళ్ళు డబ్బాలో కిలకిలమన్నాయి.

"భద్రంగా ఉన్నాయని చెప్పండి."

"చెప్తాను. 'ఆకలితో చంపుతారా, కత్తితో చంపుతారా, తేల్చమను' అని కూడా అన్నారు. దానికి జవాబు నా పరిధిలో లేదు."

నవ్వు ఆపుకుంటూ ఆమె పెదవి కొరుక్కుంది. అతను అది చూశాడు. చూశాడని ఆమె కూడా చూసింది. ఇద్దరూ కాసేపు గోడ గడియారాన్ని చాలా శ్రద్ధగా చూశారు.

పదకొండుకి వచ్చింది. "కొత్త కబురేమీ లేదు. ఆవిరి పడుతోంది. పదకొండున్నరకి మళ్ళీ వస్తాను." అంతే చెప్పి వెళ్ళిపోయింది. ఆశ్చర్యమేమిటంటే, అంతకే జనం సర్దుకుని కూర్చున్నారు.

కానీ పదకొండుంబావుకి ఒక చంటిపిల్ల ఏడుపు మొదలెట్టింది. దాని తల్లీ అందుకుంది. లోపలున్నది ఆమె భర్త. అనౌన్సర్ తట్టుకోలేకపోయాడు. కౌంటర్ అమ్మాయి నీళ్ళకి వెళ్ళిన సమయం చూసి కౌంటర్ మీది మైకు అందుకున్నాడు. గొంతులో తేనె దానంతటదే పొంగింది.

"దయచేసి వినండి. ఆపరేషన్లన్నీ మరికొద్దిసేపట్లో ప్రారంభమవుతాయి. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

పాతికమందీ ఒక్కసారిగా థియేటర్ తలుపుమీద పడ్డారు. టీకి వెళ్ళిన ఒకాయన ఒంటిచెప్పుతో పరిగెత్తుకొచ్చాడు. "గంటన్నర అన్నారుగా! ఇంతలో ఎలా? ఆ ఆవిరి పట్టని సామానుతోనే కోస్తున్నారా?" అని పెద్దాయన అరిచాడు. చంటిపిల్ల తల్లి మొహం తెల్లబోయింది.

తన మాట ఏం చేస్తుందో అతను ఎన్నడూ దగ్గరుండి చూడలేదు. స్టేషన్లో అనౌన్సర్ గదికి కిటికీ లేదు.

గడియారం పదకొండున్నర చూపించగానే ఆమె వచ్చింది. అరుపులు ఆగేదాకా నిలబడింది.

"ఇప్పుడు మైకులో విన్నది ఆసుపత్రి మాట కాదు. వెనక్కి పంపిన పెట్టెల్లో ఒక్కటీ థియేటర్లోకి వెళ్ళలేదు."

"మరెవరు చెప్పారు?"

ఆమె కళ్ళు అతనిమీద క్షణం ఆగాయి. పట్టిచ్చేస్తుందనుకున్నాడు. కానీ చూపు కార్డుమీదికి దించుకుంది.

అతనే చెయ్యెత్తాడు. "నేనండీ. నాకేమీ తెలియకుండానే చెప్పాను. ఆవిడ చెప్పిందే నిజం. నన్ను తిట్టండి."

తిట్టారు. బాగానే తిట్టారు. ఆమె ఒక నిమిషం తిట్టనిచ్చి, అప్పుడు అంది:

"ఇక వినండి. పట్టీలన్నీ సరిగ్గా మారాయి. పెట్టెలు చల్లారుతున్నాయి. పన్నెండున్నరకి మొదటి ఆపరేషన్. ఎక్కువసేపు ఆపకూడనివి ముందు చేస్తారు, ఎవరిది ఎన్నోదో పక్కగదిలో చెప్తాను. ఒకటి రేపటికి మార్చాం. ఆ కుటుంబానికి ముందే విడిగా చెప్పాను. మళ్ళీ పన్నెండున్నరకి వస్తాను."

సాయంత్రం నాలుగింటికి సర్జన్ బయటికొచ్చి నాయనమ్మ ఆపరేషన్ బాగా జరిగిందన్నాడు. అనౌన్సర్ పళ్ళడబ్బా గుండెకి హత్తుకుని ఏడ్చాడు.

వారం తర్వాత నాయనమ్మని చక్రాల కుర్చీలో బయటికి తీసుకొస్తున్నారు. గుమ్మం దగ్గర బూడిదరంగు కోటు ఎదురైంది. అనౌన్సర్ కుర్చీ ఆపాడు. జేబులోంచి చిన్న కార్డు తీసి చదివాడు.

"నాకు తెలిసింది: మీరంటే నాకిష్టం. తెలియనిది: మీకెలా ఉందో. ఆరింటికి కాంటీన్లో ఉంటాను. కొత్త కబురేమీ లేకపోయినా ఉంటాను."

"ఆలస్యానికి కారణం చెప్పలేదు. వారమైంది."

"భయం."

"ఆరింటికి నాకు హాల్లో పని ఉంది. ఆరున్నర."

"అంటే కొద్దిసే..."

"ఒరేయ్!" నాయనమ్మ మళ్ళీ పెట్టుకున్న పళ్ళతో గట్టిగా అంది. "ఆ మాట పూర్తిచేశావో, ఈ తుంటితోనే లేచొచ్చి తంతాను. అమ్మాయ్, వీడు మంచివాడే. నోరే కాస్త తొందర. నీ దగ్గరుంటే బాగుపడతాడు."

మరుసటి ఆదివారం స్టేషన్లో మైకు మోగింది. "దయచేసి వినండి. ఇంజిన్ చెడిపోవడంవల్ల రావలసిన రైలు యాభై నిమిషాలకి ముందు రాదు. ఆ తర్వాత ఎంతసేపో మాకింకా తెలియదు. టీ తాగి రండి. పావుగంటకి మళ్ళీ చెప్తాను."

ప్లాట్‌ఫారం మీది జనం ఆ గొంతుకేమైందోనని తలలెత్తారు. బెంచీమీదున్న ఒకమ్మాయి మాత్రం నవ్వుకుంటూ లేచి, టీ కొట్టుకెళ్ళి, రెండు చెప్పింది.