గాలిమోటర్ ఎందుకు పడదు?

మొయినాబాద్ దాటి చేవెళ్ళ వైపు పోతూ ఎడమకు తిరిగితే ఒక మట్టి బాట వస్తుంది. ఆ బాటకు అడ్డంగా ట్రాలీ ఆటో ఆగి ఉంది. దాని నిండా బంతిపూల గంపలు. గంపల మధ్య నడుం మీద చేతులేసుకుని, ఆకాశాన్ని కిరాయికి తీసుకున్నవాడిలా మొహం పైకెత్తి చూస్తున్నాడు ఒకతను.

అఖిల స్కూటీ హారన్ కొట్టింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ కొట్టింది. మూడోసారి కొట్టడానికి ఆమెకే సిగ్గేసింది.

"ఓ అన్నా! బండి పక్కకు తీస్తవా?"

"జర ఆగు మేడం. గాలిమోటర్ వస్తది."

గాలిమోటర్! ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. చిన్నప్పుడు ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న తమ ఊరు ప్రొద్దుటూరులో విమానాన్ని అందరూ అట్లాగే అనేవారు. నవ్వొచ్చింది, కానీ కోపంలో ఉన్న మనిషి నవ్వకూడదు కదా అని ఆపుకుంది.

"రాదు," అంది.

"ఎందుకు రాదు? పోయిన వారం పొద్దుగూకే యాళ్లకు రోజూ వచ్చింది. ఇంత కిందికెళ్లి."

"పోయిన వారం తూర్పు గాలి. ఇయ్యాల పడమటి గాలి. గాలికి ఎదురుగనే దిగాలె అవి. పడమటి గాలైతే అటు తూర్పు దిక్కు నుంచి వచ్చి దిగుతయ్. మీ చేన్ల మీదికి రావు."

అతను మొదటిసారి తల దించి ఆమెను చూశాడు. ఆకాశాన్ని చూసిన చూపుకూ ఈ చూపుకూ పెద్ద తేడా లేదు.

"మీకెట్ల ఎరుక?"

"శంషాబాద్ ఎయిర్‌పోర్టుల రాడార్ రూంల పని చేస్త. వాటిని వరసల పెట్టి రన్‌వేకు పంపేది మేమే."

అతను గంపల మీది నుంచి ఒక్క దూకు దూకాడు. ఒక గంప బోర్లాపడి పూలన్నీ స్కూటీ మీద, ఆమె ఒళ్ళో కుమ్మరించుకున్నాయి.

"అయ్యో! మీరు... హన్మంతు మామ బిడ్డనా? నేను భూపాల్‌ను."

అఖిల స్కూటీ ఆపి దిగింది. ఆదివారం పెళ్ళిచూపులకు రావలసిన భూపాల్ ఇతనే. అతని చేను వెతుక్కుంటూ ఆమె వచ్చింది, రావద్దని చెప్పడానికే. తీరా చూస్తే ముందే 'అన్నా' అని పిలిచి కూర్చుంది.

పూలు ఏరుకుంటూ ఉన్న మాట చెప్పేసింది.

"ఆదివారం రాకున్రి. ఇదే చెప్దామని వచ్చిన."

భూపాల్ చేతిలోని పూలు చేతిలోనే ఆగిపోయాయి. "నేను నచ్చలేదా?"

"మిమ్మల్ని ఇప్పుడే గదా చూస్తున్న! తప్పు మీల లేదు. నాకే... ఏది చూసినా ఏమనిపిస్తలేదు." ఆమె బాట పక్కనే ఉన్న అతని చేను గట్టు మీద కూర్చుంది. "చిన్నప్పుడు గాలిమోటర్ చూసి పిచ్చిలేసేది. అందుకే ఈ నౌకరి కోసం కష్టపడి చదివిన. ఇప్పుడు కిటికీ లేని రూంల కూసుంటె, తెర మీద ఒక చుక్క. దాని పక్కకు నంబరు, ఎత్తు, వేగం. గంతే. ఇంట్ల పెళ్ళి అంటున్నరు. అదీ గట్లనే ఉన్నది, తెర మీద ఇంకో చుక్క లెక్క. ఏమీ అనిపించకుండ అవునంటే మిమ్మల్ని మోసం చేసినట్టు గాదా?"

అతను ఓదార్చలేదు. ఆమెకు అదే నచ్చింది.

"నాకు దినాం అనిపిస్తది," అన్నాడు మెల్లగా. "జర మీకిద్దామంటె ఇచ్చేది గాదాయె."

తూర్పున, నగరం అవతల, మబ్బు నల్లగా కమ్ముకుంది. పిట్టల్ని బెదిరించడానికి చేను చుట్టూ కట్టిన మెరుపు రిబ్బన్లు తూర్పుకు ఎగురుతున్నాయి. ఉన్నట్టుండి అవి చప్పబడి వేలాడాయి. బంతి మొక్కలు కూడా కదలడం మానేశాయి.

తర్వాత చల్లగా, తడిమట్టి వాసనతో, ఆమె ముఖానికి ఒక గాలి కొట్టింది. రిబ్బన్లన్నీ ఒక్కసారిగా పడమటికి తిరిగాయి.

అఖిల దిగ్గున లేచింది.

"వాన గాలి! ఆ మబ్బు నుంచి వాన పడుతుంటే చల్లగాలి కిందికి దిగి, నేల తాకి, చుట్టూ పరుచుకుంటది. ఇది మన దగ్గరికి వచ్చే ముందే మా రన్‌వే మీదికెళ్లి పోయింది. ఇప్పుడు అక్కడ అందరు రన్‌వే దిక్కు మారుస్తుంటరు. వెనుక గాలి తోస్తుంటే దిగొద్దు. నేల మీద వేగం ఎక్కువైతది, తొందరగా ఆగవు. ఎదురుగాలైతే వేగం తక్కువున్నా రెక్కలకు సరిపడ గాలి దొరుకుతది."

"అంటే?"

"అంటే ఆకాశంల ఉన్నయన్నీ చుట్టు తిరిగి ఇటుకెళ్లి వస్తయ్. ఆగున్రి!"

ఆగమని అతనికి చెప్పింది కానీ, ఆగలేకపోతున్నది తనే. ఈ మలుపు ఆమె ఎన్నిసార్లు తిప్పిందో! హెడ్‌సెట్‌లో నాలుగు మాటలు, తెర మీద చుక్కలు వంగి తిరగడం. బయట నిలబడి చూడటం ఇదే మొదటిసారి.

మబ్బు పడమటి దాకా పరుచుకుని, సన్నగా చినుకులు మొదలయ్యాయి. భూపాల్ ఖాళీ గంప ఒకటి ఆమె నెత్తి మీద పట్టుకున్నాడు. చాలాసేపు ఏమీ రాలేదు. అతను ఏదో అనబోయాడు.

"అగో!" అఖిల చెయ్యి చాపింది.

పడమటి మబ్బు కింద ఒక వెలుగు. అది కదలడం లేదు, చప్పుడూ లేదు. తమ వైపే నేరుగా వస్తున్నది కాబట్టి నిలబడ్డట్టే ఉండి, మెల్లగా పెద్దదవుతున్నది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మబ్బులోంచి మరొకటి. దండకు గుచ్చినట్టు వరసగా వేలాడుతున్నాయి.

అప్పుడు చప్పుడు వచ్చింది. మొదట ఈలలా, తర్వాత పొట్టలోకి దిగే మోతలా. రెక్కల వెనక పలకలు వంగి కిందికి చాచుకున్నాయి. పొట్ట తెరుచుకుని చక్రాలు దిగాయి. తడిగాలి రెక్కల అంచుల దగ్గర తెల్లటి నూలు పోగుల్లా సాగింది. రెండు మూడు నిండు లారీల బరువు, నూటయాభై మంది మనుషులతో, భూపాల్ బంతితోట మీదుగా, ఏ ఆసరా లేకుండా, తాపీగా పోతున్నది.

ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన ఏడాది ఆమె మూడో తరగతి. చేనులో బాపు పంచె పట్టుకుని నిలబడి, నోరు తెరిచి ఇట్లాగే చూసింది. ఆ రోజు అడిగిన మాటే ఇప్పుడు అదే గొంతుతో బయటికొచ్చింది.

"ఎందుకు పడతలేదు?"

భూపాల్ బిత్తరపోయాడు. "అది మీరు గదా చెప్పాలె!"

"ఎరుకే! రెక్క గాలిని కిందికి తోస్తది, గాలి రెక్కను పైకి తోస్తది. లెక్కలు గూడ చేసిన. ఎరుకైనా... భూపాల్, అది ఎందుకు పడతలేదు?"

ఆమె ఏడుస్తున్నది, నవ్వుతున్నది కూడా. చినుకులకు రెండూ కలిసిపోయాయి. రెండో విమానం వచ్చింది, మూడోదీ వచ్చింది. గంప ఎప్పుడో కింద పడిపోయింది. అతని మోచెయ్యి తను పట్టుకున్న సంగతి ఆమెకు మూడోది దాటాక తెలిసింది. తెలిసినా వదల్లేదు.

ఫోన్ తీసి ఇంటికి కలిపింది.

"బాపూ, గాలిమోటర్ ఎందుకు పడదు?"

అవతల హన్మంతు చిన్నగా నవ్వాడు.

"గాలి కింద నుంచి పట్టుకుంటది బిడ్డా," అన్నాడు ఆనాటిలాగే. "గీ మాట అడగక ఎన్నేండ్లయిందే! యాడున్నవ్?"

"చేనుల. ఆదివారం వాళ్ళను రమ్మను బాపూ."

ఫోన్ పెట్టేసి చూస్తే, భూపాల్ ఆకాశం వైపు కాక ఆమె వైపు చూస్తున్నాడు. నాలుగో విమానం నెత్తి మీద మోగుతున్నా తల ఎత్తలేదు.

"ఒక్క ఫికరే ఉన్నది," అన్నాడు. "ఇందాక మీరు అన్నా అన్నరు."

"అది వాపస్ తీసుకుంటున్న," అంది అఖిల. "గాలి మారింది గదా."