ఎద్దుమూపు గుట్ట ఫోటో

సాయంత్రం నాలుగు దాటగానే ఫోన్ మోగింది. బేతంచెర్లలోని ఆ మిద్దె మీద కూర్చున్న ఇద్దరూ ఒకేసారి దాని మీదికి ఎగబడ్డారు. చెంచులక్ష్మి చేయి ముందు పడింది. ఓబులేసు నోరు మాత్రం ముందే లేచింది.

"నాకు చూపియ్యకుండా చెప్తే లెక్కలోకి రాదక్కా. ముందే చెప్తాండా."

వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళ పిల్లలు. వాళ్ళ మామ కంబగిరికి పాత కోటలూ గుహలూ అంటే పిచ్చి. పాలెగాళ్ళు దాచిన సొమ్ము ఎక్కడో ఒక గవిలో, అంటే కొండగుహలో, తన కోసమే కాచుకుని ఉందని ఆయన నమ్మకం. తీరిక దొరికితే చాలు, మోటార్ సైకిల్ తీసి కొండల్లోకి పోతాడు. పోయిన చోటునుంచి ఫోటోలు పంపుతాడు. పేరు రాయడు, అడిగినా చెప్పడు. ఫోటో చూసి అది ఎక్కడో కనిపెట్టాలి. ముందు కనిపెట్టినవాళ్ళు గెలిచినట్టు. ఈ ఆట మొదలైన దగ్గరనుంచీ ఇద్దరికీ తిండి కూడా సరిగ్గా సయించడం లేదు. చెంచులక్ష్మిది నీడల లెక్క. ఓబులేసుకు మట్టి, చెట్టు, చేమ. ఒకరి పద్ధతి ఇంకొకరికి గిట్టదు.

ఈసారి మూడు ఫోటోలు ఒక్కసారిగా వచ్చాయి. వాటి కింద ఒక మాట: "కాలు విరిగింది. ఇక్కడే ఉండా."

ఓబులేసు మొహం పాలిపోయింది. చెంచులక్ష్మి నవ్వింది.

"మనల్ని తికమక పెట్టేకి ఇదొక ఎత్తురా. పోయినసారి పులి తరుముతాందని రాయలా?"

అయినా నంబరు కలిపింది. స్విచాఫ్. మళ్ళీ కలిపింది. స్విచాఫ్. అప్పుడు ఆమె నవ్వు ఆగిపోయింది. మామ ఆటలో ఎన్ని వేషాలైనా వేస్తాడు కానీ ఫోన్ మాత్రం ఆపడు. వీళ్ళ తప్పు జవాబులు చదువుకుని నవ్వుకోవడమే ఆయనకు సగం సంబరం మరి.

కింద రాళ్ళ పాలిష్ షెడ్డులో ఉన్న ఈశ్వరమ్మత్తకు సంగతి చెప్పారు. ఆమె చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చింది. పెళ్ళయిన నాటినుంచి మొగుడి గుహల గోల భరిస్తున్న మనిషి. భయపడిందో కోపపడిందో మొహం చూస్తే తెలియలేదు.

"పొద్దున్నే పాయ. యాడికో చెప్పలా. 108 వాళ్ళకు ఫోన్ చేస్తే ఏ ఊరు, ఏ దోవ అని అడుగుతారు. ఏం చెప్పాల నేను? మీ ఆటేదో ఇప్పుడాడండి. పొద్దు గూకే లోపల ఆయప్ప యాడుండేది చెప్పండి."

ఇన్నాళ్ళూ గెలుపు కోసం చూసిన ఫోటోలను ఇప్పుడు మనిషి కోసం చూడాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలో ఎక్కడ తీసిందీ, ఎప్పుడు తీసిందీ ఏమీ మిగలదు. ఆ వివరాలన్నీ దారిలోనే రాలిపోతాయి. బొమ్మలో కంటికి కనిపించిందే ఆధారం.

మొదటి ఫోటోలో దారి పక్క కిలోమీటరు రాయి ఉంది. ఊరి పేరు మీద మామ అరచేయి అడ్డం పెట్టాడు, ఆట నియమం కదా. కానీ రాయి నెత్తి కనిపిస్తోంది. నారింజ రంగు.

"పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చయితే రాష్ట్ర రహదారి. ఇది పల్లెదోవ" అంది చెంచులక్ష్మి.

"చేను కంచె చూడు. నాపరాళ్ళు నిలువునా పాతిండారు. నల్లరేగడి. మన చుట్టుపక్కలే ఉండాడు, నల్లమల దాకా పోలా" అన్నాడు ఓబులేసు.

రెండో ఫోటోలో ఎద్దు మూపురంలా లేచిన గుట్ట, దాని ముందు మూడు మూలల కుంట. చెంచులక్ష్మి ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరిచింది. పల్లెదోవల వెంబడి వేలితో జరుపుకుంటూ పోయింది. ఒక కుంట గుండ్రం, ఇంకొకటి పొడుగు. కళ్ళు మండుతున్నాయి. చివరికి ఓబులేసు ఆమె వేలు పట్టుకుని ఆపాడు. మూడు మూలల కుంట. దాని వెనక దక్షిణం నుంచి ఉత్తరానికి చాచుకున్న గుట్ట.

"ఎద్దుమూపు గుట్ట అది" అంది ఈశ్వరమ్మ. "మా పుట్టింటి దోవే. అటు పక్కొక గవి, ఇటు పక్కొక గవి ఉండాయంటారు. ఏ పక్క?"

మూడో ఫోటో గవి నోరు. ఫోటో తీసిన మామ నీడ ఆయన ముందర పొడుగ్గా సాగి గవి గడప దాకా పాకింది. చెంచులక్ష్మికి ఇది నీళ్ళు తాగినంత సులువు.

"నీడ ముందర పడిందంటే పొద్దు ఈపు వెనక ఉన్నట్టు. ఇప్పుడు సాయంత్రం, పొద్దు పడమటుంది. అంటే గవి పడమటికి తిరిగి ఉంది. పడమటి గవే అత్తా. అనుమానం ల్యాదు."

ఈశ్వరమ్మ రాళ్ళు మోసే ట్రాలీ ఆటో తీసింది. వెనక మోకు, టార్చి, నీళ్ళ సీసా. తోలుతూనే 108కి గుట్ట పేరు చెప్పింది. గుట్ట కింద రోడ్డు దాకా వస్తామన్నారు వాళ్ళు. ట్రాలీ మట్టిదోవలో ఎగిరెగిరి పడింది. కుంట పక్కన మామ మోటార్ సైకిల్ కనబడేసరికి ముగ్గురికీ ఊపిరి వచ్చింది.

అక్కడినుంచి నడక. చండ్రచెట్ల ముళ్ళు బట్టలు లాగుతున్నాయి. కాలి కింద రాళ్ళు జారుతున్నాయి. చెంచులక్ష్మి ముందు, అత్త నడుమ, మోకు భుజాన వేసుకుని ఓబులేసు వెనక. పడమటి ఎండ గుట్టను ఎర్రగా కాలుస్తోంది. గవి నోరు కనిపించింది. కానీ దాని ముందు ఎవరూ లేరు.

"మామా" అని పిలిచింది చెంచులక్ష్మి.

జవాబు వచ్చింది. సన్నగా, తడిగా, గవి లోపలి చీకట్లోంచి. మాట తెలియడం లేదు, గొంతు మాత్రం కంబగిరిదే.

ఈశ్వరమ్మ ఇక ఆగలేదు. టార్చి లాక్కుని లోపలికి దూరింది. చెంచులక్ష్మి వెంటపడింది. గబ్బిలాల కంపు ముక్కు పగలగొట్టింది. దారి సన్నబడి, వంగి, చివరికి పాకితే తప్ప సాగనంత ఇరుకైంది. ఆ ఇరుకు అవతలనుంచి మళ్ళీ గొంతు. ఈసారి దగ్గరగా వినిపించింది, మరుక్షణం దూరంగా వినిపించింది. ఎడమనా కుడినా, పైనా కిందనా, ఏమీ అర్థం కాలేదు.

"కాలు విరిగినోడు ఇంత లోపలికి ఎట్లా పాయె?" అంది ఈశ్వరమ్మ, మోకాళ్ళ మీద కూలబడి.

ఆ ప్రశ్న చెంచులక్ష్మికి చెంపదెబ్బలా తగిలింది. ఇక్కడే ఉండా అన్నాడు. ఫోటో బయటిది. మనిషి లోపల. పైగా ఈ బండల కింద నుంచి వాట్సాప్ ఎట్లా పోతుంది? నీడ లెక్క తప్పలేదు. గొంతూ అబద్ధం కాదు. మరి రెండూ కలవవేమి? తాను పడమర అంటేనే కదా ఇంత దూరం వచ్చింది. బయట పొద్దు కొండ అంచుకు దిగుతూ ఉంటుంది.

"అత్తా, నువ్వు పాకొద్దు. బయటికి రా, ఒక్క నిమిషం. ఓబులేసు యాడ?"

ఇద్దరూ బయటికి వచ్చేసరికి ఓబులేసు గవి నోటి దగ్గర కూర్చుని చెప్పులోంచి పల్లేరుకాయలు పీక్కుంటున్నాడు. మామూలుగా అయితే చెంచులక్ష్మి వాణ్ణి చెడామడా తిట్టేది. వాడు తలెత్తకుండానే అన్నాడు.

"అక్కా, ఆ మూడో ఫోటో తియ్యి. గడప కాడ పసుప్పచ్చ పూలుండాయి చూడు."

ఉన్నాయి. నేలకు అంటుకుని చిన్న చిన్న పసుపు పూలు, బాగా విచ్చుకుని.

"అవి పల్లేరు పూలు. ఇదిగో ఇక్కడ గూడా ఉంది పల్లేరు. ఒక్క పువ్వన్నా విచ్చుకుందా? అది పొద్దున్నే పూసి, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతాది. ఫోటోలో విచ్చుకునుండాయంటే..."

"పొద్దున తీసినాడు" అంది చెంచులక్ష్మి.

మామ ఎప్పుడూ తీసిన వెంటనే పంపుతాడు. అందుకే ఫోటో వచ్చిన వేళే తీసిన వేళ అనుకోవడం వీళ్ళకు అలవాటైపోయింది. పొద్దున తీసి పంపాడు. సిగ్నల్ లేక అవి ఫోన్‌లోనే నిలిచిపోయాయి. సాయంత్రం ఎక్కడో ఒక గీత సిగ్నల్ తగిలేసరికి మూడూ కట్టగట్టుకుని వచ్చి పడ్డాయి. కాలు విరిగిన మాట ఒక్కటే సాయంత్రానిది. పొద్దున వెనక ఉన్న ఎండ తూర్పుది. గవి తూర్పుకు తిరిగి ఉంది. గుట్టకు అవతలి పక్క.

"మరి గొంతు?" అంది ఈశ్వరమ్మ.

"రెండు గవులూ లోపల కలుస్తాయేమో అత్తా. ఆ సందులోంచి వినపడతాండాది."

"అయితే సందులోంచే పోదాం. దగ్గర గదా."

ఒకసారి తప్పు చెప్పిన నోటితో మళ్ళీ చెప్పాలంటే చెంచులక్ష్మికి భయం వేసింది. అయినా చెప్పింది. "వద్దత్తా. చెవిని నమ్ముకుని చీకట్లో పోవద్దు. ఫోటో తీసేటప్పుడు ఆయప్ప బయట నిలబడిండాడు. మనం బయటనుంచే పోదాం."

గుట్ట మూపు దాటి అవతలికి ఎక్కారు. చేతులు గీరుకుపోయాయి. ఈశ్వరమ్మ దారి పొడుగునా మొగుణ్ణి తిడుతూనే ఎక్కింది. తిట్టడం ఆపితే ఏడుపు వస్తుందని ఆమెకు తెలుసు. శిఖరం మీద నిలబడేసరికి వెనక పొద్దు సగం మునిగింది, ముందు తూర్పు వాలంతా నీలిగా చల్లబడుతోంది.

ఆ వాలులోనే, గవి గడప మీద, బండకు ఆనుకుని కంబగిరి ఉన్నాడు. పెదాలు తెల్లగా పిడచకట్టుకుపోయాయి. కుడికాలు ఉబ్బి చెప్పుకు పట్టడం లేదు. చేతిలో చచ్చిన ఫోన్. పెళ్ళాన్ని చూసి నవ్వబోయాడు. ఈశ్వరమ్మ నీళ్ళ సీసా నోటికి పెట్టింది, తర్వాత వీపు మీద ఒకటి వేసింది, తర్వాత అక్కడే కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"అవతల మీ మాటలు ఇనపడె" అన్నాడు కంబగిరి, తేరుకున్నాక. "సందులోంచి వస్తారేమోనని లోపలికి తిరిగి గొంతు చించుకుని అరిచినా. రావద్దని."

"ఎందుకు?" అన్నాడు ఓబులేసు.

మామ టార్చి వెలుగు లోపలికి చూపించమన్నాడు. నాలుగడుగుల్లో నేల తెగిపోయింది. నిలువు గొయ్యి. పడమటి గవినుంచి వచ్చే ఇరుకు సందు సరిగ్గా ఆ గొయ్యి మీదే తెరుచుకుంటోంది. పాకుతూ వచ్చినవాడి తల ముందు గొయ్యిలోకే పోతుంది. ఈశ్వరమ్మ చెంచులక్ష్మి చేయి గట్టిగా పట్టుకుంది.

"అంచు విరిగి నేను అందులోనే పడితి. కింద తిన్నె ఉండబట్టి బతికినా. మధ్యాన్నం దాకా పాక్కుంటూ పైకొస్తి. ఇంకా కిందికి చూడండి."

వెలుగు గొయ్యి అడుగుకు దిగింది. మట్టిలో సగం కూరుకున్న బిందెలు. ఒకటి పక్కకు ఒరిగి, మూతి పగిలి, అందులోంచి ఏదో పసుప్పచ్చగా మెరుస్తోంది. ఇన్నేళ్ళూ అందరూ నవ్విన మామ మాట నిజం.

"మోకుంది గదా" అన్నాడు కంబగిరి మెల్లగా. "ఒక్క మనిషి దిగితే..."

"ఆ మోకు నిన్ను కట్టి మోసేకి" అంది ఈశ్వరమ్మ. ఆ మాటతో ఆ సంగతి ముగిసింది. కింద దోవలో 108 బండి దీపం తిరుగుతూ కనిపించింది.

ఇద్దరు పిల్లలూ మామ చంకల కింద భుజాలు పెట్టారు. లేవబోతూ ఆయన ఆగాడు. పసిపిల్లవాడు బొమ్మ అడిగినట్టు అడిగాడు.

"చెంచూ, ఒక్క ఫోటో తియ్యమ్మా. ఊర్లో ఎవురూ నమ్మరు. ఎక్కడో రాయం. గొయ్యీ బిందెలూ, అంతే. ఎవురికి తెలుస్తాది?"

చెంచులక్ష్మి ఫోన్ తీసింది, గొయ్యి వైపు పట్టింది కూడా. తెర మీద బిందెలు వచ్చాయి. వాటి వెనక బండ పొరల రంగు వచ్చింది. గడప కాడి పల్లేరు తీగ వచ్చింది. వాలుతున్న వెలుగు వచ్చింది. ఆమె ఫోన్ దించి జేబులో పెట్టుకుంది.

"నాలాంటిది యాడో ఒక మిద్దె మీద కూర్చోనుంటాది మామా" అంది. "కనిపెట్టేస్తాది. ఆ పిల్లకు ఓబులేసు తోడుండడు. పడమటి సందులోకే పాకుతాది."

కంబగిరి ఒకసారి గొయ్యి వైపు తిరిగి చూశాడు. తర్వాత బరువంతా పిల్లల భుజాల మీద వేసి, కుంటుతూ మొదటి అడుగు కిందికి వేశాడు.